సొంత మాటల్లో రాసిన సరైన జవాబుకి పూర్తి మార్కులు ఇవ్వాలా? చరిత్ర పేపర్లు దిద్దేటప్పుడు తేల్చుకునే పద్ధతి

"యథాతథ ఒప్పందం అంటే ఏమిటి?" పదో తరగతి పిల్లలకు పెట్టిన ఒక టెస్టులో నేను ఇచ్చిన రెండు మార్కుల ప్రశ్న ఇది. ఒక అమ్మాయి ఇలా రాసింది:

"నిజాం ఇంగ్లీషోళ్లతోని ఎట్లుండెనో, వాళ్లు పోయినంక మన సర్కారుతోని ఒక ఏడాది గట్లనే ఉందామని ఇద్దరు రాసుకున్న కాయితం. కలిసేదా లేదా అనేది అప్పుడు తేల్చలే."

అదే బెంచీలో కూర్చున్న అబ్బాయి ఇలా రాశాడు:

"1947 నవంబరు 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య కుదిరిన ఒప్పందాన్ని యథాతథ ఒప్పందం అంటారు. దీని ప్రకారం ఇరుపక్షాల మధ్య యథాతథ స్థితి కొనసాగుతుంది."

అబ్బాయికి రెండు మార్కులు వేశాను. అమ్మాయికి ఒకటి వేశాను. పేపర్లు పంచాక ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "సార్, నేను ఏది తప్పు రాసిన?" అని అడిగింది. పేపర్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాను. తప్పు ఎక్కడా లేదు. పైగా అబ్బాయి చెప్పని అసలు సంగతి ఆమె చెప్పింది. ఆ రోజే ఆమె మార్కును రెండుగా దిద్దాను. అబ్బాయికి ఇచ్చినది మాత్రం వెనక్కి తీసుకోలేదు. నా పొరపాటుకి అతన్ని శిక్షించడం న్యాయం కాదనిపించింది.

హైదరాబాద్ బడుల్లో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. ఒకే తరగతిలో పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చి స్థిరపడిన ఇళ్ల పిల్లలు ఉంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, కోస్తా నుంచి వచ్చిన పిల్లలు కూడా ఉంటారు. పుస్తకంలో ఉన్న తెలుగు వీళ్లలో చాలామందికి ఇంటి భాష కాదు. కాబట్టి పాఠం బాగా అర్థమైన పిల్లే పుస్తకం మాటలను వదిలేసి రాసే అవకాశం ఉంది. అలాంటి జవాబు ఎదురైనప్పుడు నేను ఇప్పుడు ఏం చేస్తానో, ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని చెబుతాను.

ముందు కీని వాక్యాలుగా కాకుండా భావాలుగా రాసుకోండి

పేపర్ల కట్ట విప్పకముందే చేయాల్సిన పని ఇది. మనలో చాలామంది పుస్తకంలోని వాక్యాన్నే కీగా పెట్టుకుంటాం. అలా పెట్టుకుంటే తెలియకుండానే మాటలను పోల్చడం మొదలవుతుంది. ఆ వాక్యం కనిపిస్తే చెయ్యి దానంతట అదే రైట్ కొట్టేస్తుంది, కనిపించకపోతే ఆగిపోతుంది.

దాని బదులు ఆ ఒప్పందంలో నిజంగా ఏముందో మీకు మీరే చెప్పుకోండి. 1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాద్ సంస్థానం భారత్‌లో చేరలేదు. అంతకుముందు దాకా రక్షణ, విదేశీ వ్యవహారాలు, తపాలా, రైల్వేల వంటి ఉమ్మడి విషయాల్లో నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వంతో కొన్ని ఏర్పాట్లు ఉండేవి. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయాక అవి ఎవరితో సాగాలి? అవే ఏర్పాట్లు ఇకపై భారత ప్రభుత్వంతో కొనసాగుతాయని, ఒక ఏడాది వరకు ఇలా ఉంటుందని 1947 నవంబరు 29న రాసుకున్నారు. హైదరాబాద్ తరఫున నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, భారత్ తరఫున గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ సంతకాలు చేశారు. విలీనం మాట అందులో తేలలేదు. ఏడాది నిండకముందే, 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది.

ఇంత చెప్పుకున్నాక రెండు మార్కులను పంచడం తేలిక. నా పంపకం ఇలా ఉంటుంది. మొదటి మార్కు, ఎవరి మధ్య, ఏది కొనసాగింది అన్నదానికి: నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య అన్నందుకు అర, బ్రిటిష్ కాలంలో ఉన్న ఏర్పాట్లే సాగుతాయన్నందుకు అర. రెండో మార్కు, ఇది తాత్కాలికమైనది అన్నదానికి: "ఏడాది" అని రాసినా సరే, "విలీనం తేలేదాకా" అని రాసినా సరే.

తేదీకి విడిగా మార్కు పెట్టలేదని గమనించండి. ప్రశ్నలో "అంటే ఏమిటి" అని అడిగాం, "ఎప్పుడు" అని అడగలేదు. తేదీ రాస్తే సంతోషమే, కానీ అది భావానికి బదులు కాదు. "ఎప్పుడు, ఎవరెవరి మధ్య కుదిరింది?" అని అడిగి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు తేదీ లేని జవాబు, ఎంత అందంగా రాసినా, పూర్తి జవాబు కాదు.

కీ సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి నేను ఒక చిన్న పని చేస్తాను. దాన్ని మా ఇంట్లో మాట్లాడే భాషలో ఒకసారి చెప్పి చూస్తాను. చదువుకోని మా పెద్దమ్మకు చెబుతున్నట్టు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ప్రశ్న నాకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట. అలాంటప్పుడు పిల్లల జవాబులను తూచే హక్కు నాకు ఇంకా రాలేదు.

మొదటి పది పేపర్లు పెన్సిల్‌తో

ఒక్కో పేపర్ మొత్తం దిద్దకుండా, ఈ ఒక్క ప్రశ్నకు జవాబును పది పేపర్లలో వరుసగా చదవండి. మార్కులను పెన్సిల్‌తో పక్కన వేయండి. ఎర్ర పెన్ను అప్పుడే వద్దు. పదింటిలో కనీసం ఒకటి రెండు మీరు ఊహించని మాటలతో ఉంటాయి. వాటిని చూశాక కీని ఒక్కసారి సవరించుకునే వీలుంటుంది. ఇరవయ్యో పేపర్ దగ్గర సవరిస్తే అప్పటికే దిద్దిన పిల్లలకు అన్యాయం జరిగిపోతుంది.

తిరగరాసి చూడండి, కానీ ఏమీ కలపకండి

సందేహం వచ్చిన జవాబును మనసులోనే పుస్తక భాషలోకి మార్చండి. నియమం ఒక్కటే: పిల్ల రాయనిది ఒక్క ముక్క కూడా మీరు చేర్చకూడదు. మార్చాక మీ కీలోని భావాలు కనిపిస్తే పూర్తి మార్కులు. కనిపించాలంటే మీరే ఏదో నింపాల్సి వస్తే, నింపినంత మేరకు మార్కు తగ్గుతుంది.

ఆ అమ్మాయి జవాబుతో చేసి చూద్దాం. "నిజాం ఇంగ్లీషోళ్లతోని ఎట్లుండెనో" అంటే నిజాంకు బ్రిటిష్ వారితో ఉన్న సంబంధం. "వాళ్లు పోయినంక మన సర్కారుతోని గట్లనే" అంటే బ్రిటిష్ వారు వెళ్లాక భారత ప్రభుత్వంతో అదే సంబంధం కొనసాగడం. "ఒక ఏడాది" అంటే గడువు. "ఇద్దరు రాసుకున్న కాయితం" అంటే ఒప్పందం. "కలిసేదా లేదా అనేది తేల్చలే" అంటే విలీనంపై నిర్ణయం జరగలేదు. నేను ఏమీ కలపలేదు. కీలో ఉన్నవన్నీ వచ్చాయి, పైగా రెండో మార్కుకి నేను ఒప్పుకునే రెండు దారులూ అందులో ఉన్నాయి.

ఒక్కచోట మాత్రం ఆగాను. "మన సర్కారు" అంటే ఏ సర్కారు? హైదరాబాద్‌లో పుట్టిన పిల్లకు అది నిజాం సర్కారు కావచ్చు, ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం కావచ్చు, ఢిల్లీ కావచ్చు. ఇలాంటి చోట ఆ ఒక్క మాటను పట్టుకుని కూర్చోకూడదు, మిగతా జవాబు మొత్తం దాన్ని ఎటు లాగుతుందో చూడాలి. నిజాం ఒకవైపు ఉన్నాడు కాబట్టి అది నిజాం సర్కారు కాదు. "ఇంగ్లీషోళ్లు పోయినంక" వచ్చింది కాబట్టి, "కలిసేదా లేదా" అని అడుగుతోంది కాబట్టి అది భారత ప్రభుత్వమే. ఇంకో అర్థానికి చోటు లేదు. ఒకవేళ "నిజాం, మన సర్కారు పాతట్లనే ఉందామని రాసుకున్నరు" అని మాత్రమే ఉంటే ఆ స్పష్టత రాదు. అప్పుడు ఎవరి మధ్య అన్న అర మార్కును నేను ఇవ్వలేను.

ఇప్పుడు అబ్బాయి జవాబుకి ఇదే పని ఎదురు దిక్కులో చేయండి. పుస్తక భాష నుంచి ఇంటి భాషలోకి దించండి. "నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య" అన్నది దిగుతుంది. "యథాతథ స్థితి కొనసాగుతుంది" అన్నది దిగదు. ఏది ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది? ఎంతకాలం? జవాబులో లేదు. ప్రశ్నలో ఉన్న మాటనే తిప్పి మనకు ఇచ్చాడు. నా ఇప్పటి లెక్కలో అతనికి అర మార్కు వస్తుంది. తేదీని తప్పు లేకుండా గుర్తుపెట్టుకున్నాడు కదా అని ఇంకో అర వేయాలని చెయ్యి లాగుతుంది, కానీ వేయకూడదు. ఆ అర మార్కు ఆ అమ్మాయి పక్కన నిలబడే హక్కును అతనికి ఇస్తుంది, అతను ఇంకా అక్కడికి రాలేదు.

అందుకే ఈ పరీక్షను వింత మాటల జవాబులకే పరిమితం చేయకండి. పుస్తకం మాటల్లో ఉన్న జవాబునూ ఇదే తూకంలో వేయండి. లేకపోతే ఇంటి భాషలో రాసిన పిల్ల మాత్రమే తనకు తెలుసని నిరూపించుకోవాల్సి వస్తుంది, బట్టీ పట్టిన పిల్లవాడికి ఆ పని ఉండదు.

తెలియకుండానే రాయగలిగిన జవాబా?

రెండో పరీక్ష అస్పష్టంగా ఉన్న జవాబుల కోసం. పాఠం చదవని పిల్లవాడు కేవలం ప్రశ్నలోని మాట చూసి ఇది రాయగలడా అని అడగండి. "పాత పద్ధతే కొనసాగాలనే ఒప్పందం" అని ఒకరు రాశారు. సొంత మాటలే, తప్పు కూడా కాదు. కానీ "యథాతథ" అన్న మాటకు అర్థం తెలిసిన ఎవరైనా ఇది ఊహించగలరు. హైదరాబాద్ చరిత్ర ఇందులో ఎక్కడా లేదు. "సొంత వాక్యం" అన్న ఒక్క కారణంతో దీనికి పూర్తి మార్కులు ఇస్తే, అమ్మాయికి మొదట చేసిన అన్యాయానికి ఎదురుగా ఇంకో అన్యాయం చేసినట్టే.

కొన్ని జవాబులు వినడానికి నిజంలా ఉంటాయి. అవే ఎక్కువ ప్రమాదం. నా దగ్గరికి వచ్చినవాటిలో ఇది ఒకటి: "నిజాం భారత్‌లో కలుస్తానని ఒప్పుకుని ఏడాది టైం అడిగిన ఒప్పందం." నిజాం ఉన్నాడు, భారత్ ఉంది, ఏడాది ఉంది. తొందరలో ఉంటే ఒకటిన్నర పడిపోతుంది. కానీ ఈ ఒప్పందంలో కలుస్తానని నిజాం ఒప్పుకోలేదు. ఏడాది గడువు విలీనానికి ఇచ్చిన వాయిదా కాదు, పాత ఏర్పాట్లు సాగే కాలం. "ఏడాది" అన్న మాట ఉన్నా అది తప్పు భావానికి అతుక్కుని ఉంది, కాబట్టి రెండో మార్కు రాదు. ఎవరి మధ్య అన్నందుకు అర మాత్రమే.

ఇంకొకటి: "ఏడాది దాకా యుద్ధం చేసుకోవద్దని రాసుకున్నరు." ఇది ఆ తర్వాత సైన్యం వచ్చిందన్న సంగతి తెలిసి, దాన్నుంచి వెనక్కి ఊహించిన జవాబు. దీన్ని రాసిన పిల్లవాడికి పాఠంలో కొంత తెలుసు, కానీ అడిగింది తెలియదు.

కాస్త సూక్ష్మమైనది ఒకటి చెప్పి ముందుకు వెళతాను. "ఇంగ్లీషోళ్ల జాగాలో మన ప్రభుత్వం వచ్చింది, మిగతాదంతా అట్లే" అని ఒకరు, "ఇంగ్లీషు వాళ్లకు ఉన్నట్టే ఢిల్లీకి నిజాం సామంతుడుగా ఉన్నాడు" అని ఇంకొకరు రాశారు. మొదటిది నేను ఒప్పుకుంటాను, ఉమ్మడి ఏర్పాట్ల వరకు జరిగింది అదే. రెండోది ఒప్పుకోను. భారత్‌కు నిజాం మీద పైఅధికారం, అంటే బ్రిటిష్ వారికి ఉన్న సార్వభౌమాధికారం, ఈ ఒప్పందం వల్ల రాదని అందులోనే రాసి ఉంది. పదో తరగతి పిల్లకు ఆ షరతు తెలియాలని నేను అనను. కానీ రెండో వాక్యం షరతును వదిలేయడం దగ్గర ఆగలేదు, దానికి వ్యతిరేకమైనదాన్ని చెబుతోంది. వదిలేసినదానికి, తప్పు చెప్పినదానికి తేడా పెట్టాలి.

మాటే విషయమైన చోట

"భావం వస్తే చాలు" అన్నది అన్నిచోట్లా చెల్లదు. ప్రశ్న ఒక పేరు అడిగితే పేరు కావాలి. "రజాకార్ల నాయకుడు ఎవరు?" అంటే "నిజాం వైపు ఉన్న గట్టి మనిషి" అని రాస్తే సరిపోదు. కానీ కాసిం రజ్వీ, ఖాసిం రజ్వీ, ఖాసీం రిజ్వీ, ఇందులో ఏది రాసినా సరే. ఉర్దూ పేరును తెలుగులో పలికే తీరులో వచ్చే తేడా అది. అలాగే "స్టాండ్‌స్టిల్ అగ్రిమెంట్" అని రాసిన పిల్ల "యథాతథ ఒప్పందం" అని రాయలేదని తగ్గించడం ఉండకూడదు.

పుస్తకం మాట తప్పుదారి పట్టించే సందర్భం కూడా ఉంది, ఇది మన ఊరి పాఠంలోనే వస్తుంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగినదాన్ని "పోలీసు చర్య" అంటాం. జవాబులో "పోలీసు చర్య ద్వారా" అని ఉంటే మనం ఆలోచించకుండా రైట్ కొడతాం. ఒక పిల్లవాడు ఇంకో అడుగు వేసి, "పోలీసులు వచ్చి నిజాంను పట్టుకుపోయారు" అని రాశాడు. అప్పుడు అర్థమైంది, ఆ మాటను అతను అక్షరాలా నమ్మాడని. వచ్చింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నడిపిన సైన్యం. నిజాంను పట్టుకుపోలేదు, 1950లో ఆయన రాజప్రముఖ్ కూడా అయ్యాడు. ఇంకో పిల్ల "మిలిట్రీ వచ్చింది, నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయిండు" అని రాసింది. పోలీసు అన్న మాటే లేదు, కానీ జరిగింది అదే. ఇద్దరిలో ఎవరికి పూర్తి మార్కులో చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 17ను విమోచన అన్నా, విలీనం అన్నా, ఇంట్లో పెద్దలు వాడే ఇంకో మాట రాసినా, ప్రశ్న ఏం జరిగిందని మాత్రమే అడిగితే ఆ మాటకు మార్కు తగ్గించకండి, పెంచకండి. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్నది పెద్దలమే ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒకసారి ఒప్పుకున్నది రాసిపెట్టుకోండి

నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. ఎడమవైపు పిల్ల రాసిన మాట, కుడివైపు మీరు ఇచ్చిన మార్కు, కింద ఒక్క ముక్కలో కారణం. "ఇంగ్లీషోళ్ల జాగాలో మన ప్రభుత్వం – సరే – ఉమ్మడి ఏర్పాట్ల వరకు నిజం" అన్నంత చాలు. నలభయ్యో పేపర్‌లో అదే మాట మళ్లీ వస్తే మొదట ఏం చేశారో గుర్తుండదు. రాత్రి పదిన్నరకు ఉన్న ఓపిక పొద్దున ఆరింటికి ఉన్న ఓపిక ఒకటి కాదు. పేజీ ఉంటే మార్కు మీ ఓపికను బట్టి మారదు. కొత్తగా ఒక మాటను ఒప్పుకున్న ప్రతిసారీ వెనక్కి వెళ్లి, అలాంటిదే రాసిన పాత పేపర్ల పెన్సిల్ మార్కును సరిచేయండి. దీనికి పది నిమిషాలు పడుతుంది.

ఇంకా తేలకపోతే పక్క సెక్షన్ సోషల్ టీచర్‌కు చూపించండి. మీరు వేసిన మార్కును వేలితో మూసి, కీ మాత్రం చెప్పి చూపించండి. మీ మార్కు కనిపిస్తే చాలామంది "సరేలే" అంటారు, మొహమాటం అలాంటిది. ఇద్దరి మార్కూ ఒకటైతే అదే ఖాయం. తేడా వస్తే, ఎవరు ఉదారం ఎవరు కఠినం అన్న వాదనలోకి వెళ్లకుండా, కీలో ఏ భావం దగ్గర విడిపోయారో వెతకండి. మా ఇద్దరికీ ఒకసారి తేడా వచ్చినప్పుడు, "ఏడాది" అని రాయకుండా "కొన్నాళ్లు" అని రాసినదాన్ని ఆయన ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నాను. కీలో నేను రాసింది "తాత్కాలికం" అని, ఆయన చదువుకున్నది "ఏడాది" అని. కీని చూసి "కొన్నాళ్లు"కు మార్కు ఇచ్చాం. తర్వాతి టెస్టులో ప్రశ్ననే మార్చి, "ఎంతకాలానికి?" అని విడిగా అడిగాం.

బోర్డు పేపర్ల దగ్గర

ఇదంతా మన బడిలో మనం పెట్టే పరీక్షలకు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినప్పుడు అక్కడ ఇచ్చిన కీ, సూచనలే ప్రమాణం. మీ సొంత పంపకం అక్కడ పెట్టకండి. రాష్ట్రమంతా ఒకే తూకం ఉండాలి కదా. కీలో లేని మాటలతో సరైన జవాబు కనిపిస్తే, మార్కు వేయకముందే పేపర్‌ను మీ చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు "ఈ పిల్ల బాగా రాసింది సార్" అని చెప్పకండి. ఆ జవాబును పుస్తక భాషలోకి తిరగరాసి, ఏ ముక్క ఏ భావానికి సరిపోతుందో వేలుపెట్టి చూపించండి. అలా చూపిస్తే నిమిషంలో తేలుతుంది.

చివరగా పేపర్ వెనక్కి ఇచ్చేటప్పుడు. పూర్తి మార్కులు ఇచ్చారు కాబట్టి భాష గురించి ఏమీ చెప్పకూడదని లేదు. ఆ అమ్మాయి పేపర్‌లో "కాయితం" కింద గీత గీయలేదు, కొట్టేయలేదు. పక్కన చిన్నగా "ఒప్పందం" అని, "మన సర్కారు" పక్కన "భారత ప్రభుత్వం" అని రాశాను. "నీ జవాబు పూర్తిగా సరైనది. బోర్డు పరీక్షలో నిన్ను ఎరగని మనిషి దిద్దుతారు, ఈ రెండు మాటలు వాడితే వాళ్లకు ఆగాల్సిన పని ఉండదు" అని చెప్పాను. తర్వాతి టెస్టులో ఆమె "గట్లనే" అని అలాగే ఉంచి, "భారత ప్రభుత్వం" అని రాసింది.